తాగలేనంత వేడి, తాగేంత వేడి



పదో తరగతి చదివే ఒక పిల్లవాడి నోటుపుస్తకంలో ఒకసారి ఒక వాక్యం చూశాను. ప్రశ్నలో రెండు చిన్న వాక్యాలు ఇచ్చారు. ‘హీ వాజ్ వెరీ హ్యాపీ. హీ డాన్స్‌డ్.’ అతను చాలా సంతోషించాడు, నాట్యం చేశాడు. ఈ రెండింటినీ కలిపి ఒకే వాక్యం చేయమన్నారు. పిల్లవాడు ‘హీ వాజ్ టూ హ్యాపీ టు డాన్స్’ అని రాశాడు. అంతకుముందు నాలుగైదు ప్రశ్నలకు టూ, టు పెట్టి సరైన జవాబులే రాశాడు. ఇదీ అదే వరసలో పోయింది.

ఆ వాక్యంలో అక్షరదోషం లేదు. మాటల వరస సరిగ్గానే ఉంది. కానీ దాని అర్థం ఏమిటంటే, సంతోషం మరీ ఎక్కువై అతను నాట్యం చేయలేకపోయాడని. గంతులేసిన మనిషిని ఆ వాక్యం కదలకుండా నిలబెట్టేసింది.

ఇంగ్లీషు టీచరుగా పనిచేసిన ముప్ఫై ఏళ్లలో ఈ పొరపాటును ఎన్నో నోటుపుస్తకాల్లో చూశాను. దీనికి పిల్లల అజాగ్రత్త కారణం కాదు. మనం నేర్పే పద్ధతే కారణం. ‘వెరీ తీసెయ్యి, టూ పెట్టు. కెనాట్ తీసెయ్యి, టు పెట్టు’ అని సూత్రం చెప్పి ఊరుకుంటాం. తీసేసిన కెనాట్ ఎక్కడికి పోయిందో చెప్పం. వాక్యాలు కలిపే అభ్యాసాల్లో ఇన్ఫినిటివ్, అంటే టు పక్కన క్రియ, ఏ పని చేస్తుందో ఈ రోజు చెప్పాలనుకుంటున్నాను. ముందు ‘ఎందుకు’ అనే ప్రశ్నకు జవాబిచ్చే టు. ఆ తర్వాత టూ తోనూ, ఇనఫ్ తోనూ వచ్చే టు. చాలా పుస్తకాలు వీటిని వేరు వేరు పాఠాలుగా చెబుతాయి. నేను ఒకే పాఠంగా చెబుతాను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఒక సులభమైన జతతో మొదలుపెడదాం. ‘సీత వెంట్ టు ద మార్కెట్. షీ వాంటెడ్ టు బై రైస్.’ సీత బజారుకు వెళ్లింది. బియ్యం కొనాలనుకుంది. కలిపితే, ‘సీత వెంట్ టు ద మార్కెట్ టు బై రైస్.’ రెండో వాక్యంలోంచి రెండు మాటలు పోయాయి. షీ పోయింది, వాంటెడ్ పోయింది. వెళ్లిందీ కొనాలనుకుందీ సీతే కాబట్టి షీ అక్కర్లేదు. అనుకోవడం అనే భావం టు లోనే ఉంది కాబట్టి వాంటెడ్ అక్కర్లేదు.

వాక్యంలో టు రెండుసార్లు వచ్చిందని కొందరు పిల్లలు ఒకదాన్ని కొట్టేస్తారు. కొట్టేయకూడదు. తెలుగులో చెప్పి చూడండి. ‘సీత బియ్యం కొనడానికి బజారుకు వెళ్లింది.’ కొనడానికి అన్నచోట కి ఉంది, బజారుకు అన్నచోట కు ఉంది. మనకూ రెండుసార్లు వచ్చింది. ఒకటి చోటును చూపిస్తోంది, ఒకటి పనిని చూపిస్తోంది. ఇంగ్లీషులోనూ అంతే. మొదటి టు వెనక మార్కెట్ అనే నామవాచకం ఉంది, రెండో టు వెనక బై అనే క్రియ ఉంది.

ఇక్కడ పిల్లలు చేసే తప్పులు ముఖ్యంగా రెండు. మొదటిది, ‘టు బాట్ రైస్’ అని రాయడం. మొదటి వాక్యంలో వెంట్ అని భూతకాలం ఉంది కదా, రెండోదీ భూతకాలంలోనే ఉండాలని వాళ్ల ఆలోచన. అలా రాసిన పిల్లలను నేను ఒకటే అడిగేవాణ్ని. ‘బియ్యం కొన్నడానికి వెళ్లింది’ అని మీ ఇంట్లో ఎవరైనా అంటారా? నవ్వేవారు. నిన్న వెళ్లినా, రేపు వెళ్లబోతున్నా, తెలుగులో ‘కొనడానికి’ అనే మాట మారదు. కాలం చెప్పే బాధ్యత వెళ్లడం అనే క్రియది. ఇంగ్లీషులో టు పక్కన క్రియ కూడా అలాగే మారకుండా ఉంటుంది. ఈ నియమం పిల్లలకు కొత్తగా నేర్పనక్కర్లేదు. వాళ్ల నోట్లో అది ముందే ఉంది.

రెండో తప్పు ‘ఫర్ బైయింగ్ రైస్’ అని రాయడం. కొనడం అనే మాటకు కి చేరితే కొనడానికి అవుతుంది. కొనడం అంటే బైయింగ్, కి అంటే ఫర్ అని విడదీసి పెడతారు. ఫర్ బైయింగ్ లాంటి కూర్పు ఇంగ్లీషులో అసలు లేదని కాదు. దాని చోటు వేరు. ‘ఎ నైఫ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్’ అంటాం, కూరగాయలు తరిగే కత్తి. ఒక వస్తువు దేనికి ఉపయోగపడుతుందో చెప్పేటప్పుడు ఫర్, ఐఎన్‌జీ రూపం సరిపోతాయి. ఒక మనిషి ఒక పని ఎందుకు చేశాడో చెప్పేటప్పుడు టు, క్రియ రావాలి.

తెలుగు మనల్ని దారి తప్పించే చోటు ఒకటుంది. ‘కొడుకు చదువుకోవడానికి తండ్రి పొలం అమ్మాడు’ అంటాం. అమ్మింది ఒకరు, చదువుకునేది ఇంకొకరు. తెలుగులో ఏ ఇబ్బందీ లేదు. దీన్నే ‘ద ఫాదర్ సోల్డ్ హిజ్ లాండ్ టు స్టడీ’ అని రాస్తే పొలం అమ్మి తండ్రే చదువుకున్నట్టు అవుతుంది. ఇంగ్లీషులో ఒంటరి టు వెనక ఉన్న క్రియకు కర్త ముందున్న కర్తే. వేరొకరైతే వాళ్లను ఫర్ తో తెచ్చి కూర్చోబెట్టాలి, ‘ఫర్ హిజ్ సన్ టు స్టడీ’ అని. లేదా ‘సో దట్ హిజ్ సన్ కుడ్ స్టడీ’ అని మొత్తం ఉపవాక్యమే రాయాలి. ఈ ఫర్ ను గుర్తుపెట్టుకోండి, టూ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఒక పని జరక్కూడదన్నదే ఉద్దేశమైతే? ‘షీ వాక్‌డ్ సాఫ్ట్‌లీ. షీ డిడ్ నాట్ వాంట్ టు వేక్ ద బేబీ.’ పాప లేవకుండా మెల్లగా నడిచింది. ఇక్కడ ‘నాట్ టు వేక్ ద బేబీ’ అని మాత్రమే రాస్తే వాక్యం కుంటుతుంది. ‘సో యాజ్ నాట్ టు వేక్ ద బేబీ’ అని రాయాలి. ‘ఇన్ ఆర్డర్ నాట్ టు’ అన్నా సరే.

అసలు ఏ రెండు వాక్యాలను ఈ టు తో కలపవచ్చో ఎలా తెలుస్తుంది? మొదటి వాక్యం చెప్పి ‘ఎందుకు?’ అని అడగండి. జవాబు రెండో వాక్యంలో ఉండాలి. అంతేకాదు, మొదటి పని మొదలుపెట్టక ముందే ఆ జవాబు ఆ మనిషి మనసులో ఉండి ఉండాలి. సీత బజారుకు వెళ్లింది, అక్కడ పర్సు పోగొట్టుకుంది అంటే రెండూ వరసగా జరిగిన పనులే. కానీ పర్సు పోగొట్టుకోవడానికి ఎవరూ బజారుకు వెళ్లరు. ఈ జతను యాండ్ తో కలపాలి.

ఇప్పుడు ఒక్క నిమిషం ఇంగ్లీషు పక్కన పెడదాం. కొనడానికి, తినడానికి, చూడడానికి లాంటి రూపాలను తెలుగు వ్యాకరణంలో తుమున్నర్థకాలు అంటారు. తుమున్ అనేది సంస్కృత ప్రత్యయం పేరు. భోక్తుమ్ అంటే తినడానికి, ద్రష్టుమ్ అంటే చూడడానికి. పాణిని అష్టాధ్యాయిలో మూడో అధ్యాయంలో ఈ ప్రత్యయం గురించి చెబుతూ, ఒక క్రియ కోసం మరొక క్రియ జరుగుతున్నప్పుడు ఇది వస్తుందన్నాడు. అంటే సీత బియ్యం కొనడానికి బజారుకు వెళ్లడమే. అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకు వెళితే మరో సూత్రం ఉంది. చాలినంత, సమర్థం అనే అర్థం ఉన్న మాటల పక్కన కూడా ఇదే తుమున్ వస్తుందని. ‘అలం భోక్తుమ్’ అంటే తినడానికి చాలినవాడు, తినగల సత్తా ఉన్నవాడు. ఇంగ్లీషులో ‘ఇనఫ్ టు’ చెప్పే మాటకు ఇది చాలా దగ్గర.

చూడండి, ఎక్కడో ఉన్న ఇంగ్లీషు, ఇక్కడి సంస్కృతం రెండూ ఉద్దేశం చెప్పడానికీ చాలడం చెప్పడానికీ ఒకే రూపాన్ని వాడుకున్నాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం. టు పక్కన ఉన్న క్రియ ఒక గురి. సీత బియ్యం కొనడం అనే గురి పెట్టుకుని నడిచింది. టూ, ఇనఫ్ వాక్యాల్లో మనిషి బదులు ఒక గుణం ఆ గురి వైపు నడుస్తుంది. వేడి, ఎత్తు, బరువు, వయసు, ఇలాంటివి. గుణం గురిని అందుకుంటే ఇనఫ్. గురికి అవతల పడితే టూ. ఇవతలే ఆగిపోతే నాట్ ఇనఫ్. అవతల పడినా, ఇవతల ఆగినా గురి తప్పినట్టే. అందుకే టూ ఉన్న వాక్యంలో పని జరగదు. కెనాట్ ను మనం తీసేయలేదు, అది టూ లోపలికి వెళ్లి కూర్చుంది.

ఇప్పుడు టీ కప్పు దగ్గరకు వద్దాం. ‘ద టీ ఈజ్ వెరీ హాట్. ఐ కెనాట్ డ్రింక్ ఇట్.’ టీ చాలా వేడిగా ఉంది, నేను తాగలేను. ఈ రెండింటినీ తెలుగులో ఒక వాక్యంగా మీరు ఎలా చెబుతారు? ‘టీ నేను తాగలేనంత వేడిగా ఉంది’ అంటారు. ఆ ‘తాగలేనంత’ అనే మాటను పట్టుకోండి. ఇవాళ్టి నా ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

తెలుగులో ఈ అంత మనకు ఊపిరంత అలవాటు. మోయలేనంత బరువు, నమ్మలేనంత అబద్ధం, అందనంత ఎత్తు, చెప్పలేనంత దుఃఖం అంటాం. ఇంకో వైపు కడుపు నిండేంత అన్నం, ఇల్లు గడిచేంత జీతం, మనిషి దూరేంత సందు అంటాం. రెండు వైపులా అంత ఒకటే. తేడా దాని ముందున్న క్రియలో ఉంది. ‘లేనంత’, ‘అనంత’ అని లేమి వినిపిస్తే అది ఇంగ్లీషులో టూ. ‘ఏంత’, ‘గలిగేంత’ అని సాధ్యం వినిపిస్తే అది ఇనఫ్. తెలుగు ‘కాదు’ను క్రియ మీద బాహాటంగా పెడుతుంది. ఇంగ్లీషు దాన్ని టూ లో దాచేస్తుంది. రెండు భాషలకూ ఇక్కడున్న తేడా అదొక్కటే.

ఇప్పుడు ఆ వాక్యాన్ని మెల్లగా కట్టుకుందాం. నేను తాగలేనంత అన్నాం కాబట్టి టూ. వెరీ చోట టూ వచ్చింది, ‘ద టీ ఈజ్ టూ హాట్’. తాగడం గురి కాబట్టి ‘టు డ్రింక్’. వేడిగా ఉన్నది టీ, తాగాల్సింది నేను. ఈ రెండూ వేరు. ఇందాక పొలం అమ్మిన తండ్రి దగ్గర చూసిన ఫర్ ఇక్కడికి వస్తుంది. ‘ద టీ ఈజ్ టూ హాట్ ఫర్ మీ టు డ్రింక్.’ ఐ అనేది మీ అయింది, ఎందుకంటే ఫర్ పక్కన ఐ నిలవదు. తాగలేకపోవడం అందరికీ వర్తిస్తే ఫర్ మీ అక్కర్లేదు, ‘టూ హాట్ టు డ్రింక్’ చాలు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. చివర ఇట్ ఏమైంది? మొదట ఇచ్చిన వాక్యంలో ‘డ్రింక్ ఇట్’ అని ఉంది. కలిపిన వాక్యంలో లేదు. ‘నేను దాన్ని తాగలేనంత వేడిగా ఉంది టీ’ అని మనమూ అనం. దాన్ని అనే మాట ఎబ్బెట్టుగా ఉంటుంది. టీ గురించే చెబుతున్నాం కదా, మళ్లీ దాన్ని ఎందుకు? ఇంగ్లీషుకూ అదే ఇబ్బంది. మాట్లాడేటప్పుడు ‘ఫర్ మీ’ ఉన్న వాక్యాల్లో ఇట్ ఉంచేవారు కొందరు ఉన్నా, పరీక్షలో తీసేయడమే పద్ధతి. అదే ‘సో, దట్’ తో కలిపితే మాత్రం ఇట్ ఉండి తీరాలి. ‘ద టీ ఈజ్ సో హాట్ దట్ ఐ కెనాట్ డ్రింక్ ఇట్.’ దట్ తర్వాత వచ్చేది దానంతట అది నిలబడే పూర్తి వాక్యం. దానికి దాని కర్మ కావాలి, దాని కెనాట్ దానికి కావాలి. ఒక రూపంలోంచి మరో రూపంలోకి మార్చమన్న ప్రశ్నల్లో పోయే మార్కుల్లో చాలావరకు ఈ ఇట్ దగ్గరే పోవడం నేను చూశాను. ఇంకో నష్టం, ‘టూ హాట్ దట్ ఐ కెనాట్’ అని రెండు రూపాలను కలిపి వండడం. టూ వెనక టు, సో వెనక దట్. ఈ జంటలు విడిపోవు.

ఇట్ పోయినా దాని ముందున్న చిన్న మాట పోకూడదు. ‘ద బెంచ్ ఈజ్ వెరీ వీక్. వుయ్ కెనాట్ సిట్ ఆన్ ఇట్.’ కలిపితే, ‘ద బెంచ్ ఈజ్ టూ వీక్ ఫర్ అజ్ టు సిట్ ఆన్.’ వాక్యం ఆన్ తో ముగియడం పిల్లలకు అసంపూర్తిగా అనిపించి దాన్నీ తుడిచేస్తారు. అది ఉండాలి. బల్లను కూర్చోం, బల్ల మీద కూర్చుంటాం.

ఇప్పుడు తలలు పండినవాళ్లు కూడా తడబడే జత చెబుతాను. ‘హీ ఈజ్ నాట్ రిచ్. హీ కెనాట్ బై ఎ కార్.’ అతను ధనవంతుడు కాదు, కారు కొనలేడు. కెనాట్ కనబడగానే చెయ్యి టూ వైపు పోతుంది. ‘హీ ఈజ్ నాట్ టూ రిచ్ టు బై ఎ కార్’ అని రాస్తారు. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. కారు కొనలేనంత ధనవంతుడు కాడు అని. డబ్బు ఎక్కువై కారు కొనలేకపోయిన మనిషి ఎవరైనా ఉంటారా? ఆ జతను తెలుగులో కలపండి. ‘కారు కొనేంత ధనవంతుడు కాదు.’ కొనేంత అన్నారు, కొనలేనంత అనలేదు. కాబట్టి ఇనఫ్. కాదు అనే మాట బయటే నిలిచింది కాబట్టి నాట్ కూడా బయటే ఉంటుంది. ‘హీ ఈజ్ నాట్ రిచ్ ఇనఫ్ టు బై ఎ కార్.’ అదే మాటను టూ తో చెప్పాలంటే గుణాన్ని తిరగేయాలి, ‘హీ ఈజ్ టూ పూర్ టు బై ఎ కార్’ అని. కొనలేనంత పేదవాడు. గురికి ఇవతల ఆగిన ధనం, గురికి అవతల పడిన పేదరికం, రెండూ ఒకే చోటును రెండు వైపులనుంచి చూడడమే.

ఇక ఇనఫ్ ఎక్కడ ఉండాలి అన్న మాట. ‘రవి ఈజ్ వెరీ టాల్. హీ కెన్ రీచ్ ద షెల్ఫ్.’ రవి అలమర అందేంత ఎత్తున్నాడు. ‘రవి ఈజ్ టాల్ ఇనఫ్ టు రీచ్ ద షెల్ఫ్.’ తెలుగులో ‘తగినంత ఎత్తు’ అని ముందు తగినంత, తర్వాత ఎత్తు వస్తాయి కాబట్టి పిల్లలు ‘ఇనఫ్ టాల్’ అని రాస్తారు. ఇంగ్లీషులో విశేషణం ముందు నడిచి, ఇనఫ్ దాని వెనక నడుస్తుంది. డబ్బు, సమయం లాంటి నామవాచకమైతే మాత్రం ‘ఇనఫ్ మనీ’, ‘ఇనఫ్ టైమ్’ అని ముందే ఉంటుంది. వెరీ పోవాలి. ‘వెరీ టాల్ ఇనఫ్’ అనేది లేదు. వెరీ ఎంత అన్నది చెబుతుంది, ఇనఫ్ దేనికి సరిపోయిందో చెబుతుంది. గురి వచ్చాక ఎంత అన్నది అక్కర్లేదు.

విశేషణం ఒక మనిషి ముందు కూర్చున్నప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. ‘హీ ఈజ్ ఎ వెరీ ఆనెస్ట్ మాన్. హీ విల్ నాట్ టేక్ ఎ బ్రైబ్.’ దీన్ని కలిపితే ‘హీ ఈజ్ టూ ఆనెస్ట్ ఎ మాన్ టు టేక్ ఎ బ్రైబ్’ అవుతుంది. ముందున్న ఎ ఆనెస్ట్ దాటి మాన్ పక్కకు చేరింది. ఇది కొంచెం పుస్తకాల భాష. పరీక్షలో అడిగితే తెలిసుండడం మంచిది, మాట్లాడేటప్పుడు ‘హీ ఈజ్ టూ ఆనెస్ట్ టు టేక్ ఎ బ్రైబ్’ అంటే చాలు.

ఇప్పుడు నాట్యం చేసిన అబ్బాయి దగ్గరకు తిరిగి వెళదాం. ‘అతను చాలా సంతోషించాడు. నాట్యం చేశాడు.’ అంత పెట్టి చూడండి. చేయలేనంత సంతోషమా? కాదు, చేశాడు కదా. కాబట్టి టూ రాదు. మరి నాట్యం చేసేంత సంతోషం కాబట్టి ఇనఫ్ పెట్టవచ్చా? పెట్టకపోవడమే మంచిది. నా ‘అంత’ పరీక్షకు ఉన్న హద్దు ఇదే, దాచకుండా చెబుతున్నాను. తెలుగులో ఈ ‘ఏంత’కు రెండు పనులున్నాయి. అలమర అందేంత ఎత్తు అన్నప్పుడు అది సరిపోవడం చెబుతుంది. నాట్యం చేసేంత సంతోషం అన్నప్పుడు జరిగిపోయిన ఫలితం చెబుతుంది. సరిపోవడమైతే ఇనఫ్. జరిగిపోయిన ఫలితమైతే ‘సో, దట్’. ‘హీ వాజ్ సో హ్యాపీ దట్ హీ డాన్స్‌డ్.’ ఇక్కడ ఇన్ఫినిటివ్ జోలికి వెళ్లకూడదు. రెండో వాక్యంలో కెన్, కెనాట్ లాంటివి లేకుండా మామూలు భూతకాల క్రియ ఉంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి.

ఈ నియమానికి లొంగని వాడుకలు ఒకటి రెండు ఉన్నాయి. ‘హీ వాజ్ కైండ్ ఇనఫ్ టు హెల్ప్ మీ’ అంటే సహాయం చేయడానికి అతనికి దయ సరిపోయిందని లెక్క చెప్పడం కాదు. దయతో సహాయం చేశాడు, అంతే. ‘ఐ యామ్ ఓన్లీ టూ గ్లాడ్ టు హెల్ప్’ అంటే సహాయం చేయలేనంత ఆనందం కాదు, ఎంతో సంతోషంగా చేస్తానని. ఓన్లీ పక్కన చేరిన టూ లో కాదు అనే అర్థం ఉండదు. వీటిని ఉన్నవి ఉన్నట్టు నేర్చుకోవాలి.

మన దగ్గర మాట్లాడే ఇంగ్లీషులో ‘ద మూవీ వాజ్ టూ గుడ్’ అని మెచ్చుకుంటూ అంటుంటాం. టూ అంటే చాలా అని ఆ అలవాటు పిల్లల మనసులో నాటుకుపోతుంది. తెలుగులో చాలా వేరు, మరీ వేరు. ‘కూరలో ఉప్పు చాలా వేశావు’ అంటే వండినవాళ్లు ఇంకా సందేహంగా చూస్తారు. ‘ఉప్పు మరీ ఎక్కువైంది’ అంటే కూర తినలేమని తెలిసిపోతుంది. వెరీ అంటే చాలా. టూ అంటే మరీ. పిల్లలకు టూ అర్థం చెప్పేటప్పుడు మరీ అని చెప్పండి, పాఠం సగం అయిపోయినట్టే.

స్పెల్లింగు గురించి ఒక మాట. ‘టు’కు ఒక ఓ, ‘టూ’కు రెండు ఓలు. ‘టూ వీక్ టు వాక్’లో ముందుది రెండు ఓలది, తర్వాతది ఒక ఓది. నిజానికి ఇవి రెండూ ఒకప్పుడు ఒకే మాట. పాత ఇంగ్లీషులో ఒకే రూపం ఉండేది, వైపు అనే అర్థానికీ, మించి అనే అర్థానికీ అదే వాడేవారు. ఒత్తి పలికేదానికి తర్వాతి కాలంలో రెండు ఓలు రాయడం స్థిరపడింది. తెలుగు లిపిలో ఈ తేడా ఇంకా చక్కగా కనబడుతుంది. ఒకటి హ్రస్వం, ఒకటి దీర్ఘం. మించిపోయినదానికి దీర్ఘం అని చెబితే పిల్లలు మరిచిపోరు.

చివరగా టీచర్లకూ, ఇంట్లో చదివించే తల్లిదండ్రులకూ ఒక మనవి. పిల్లవాడు ఈ అభ్యాసం చేసేటప్పుడు పెన్ను పట్టుకునే ముందు రెండు వాక్యాలనూ తెలుగులో కలిపి పైకి చెప్పమనండి. ‘డానికి’ అని వస్తే ఒంటరి టు. ‘లేనంత’ అని వస్తే టూ, టు. ‘ఏంత’ అని వస్తే, అది సరిపోవడమా, జరిగిపోవడమా అని అడగండి. రాసిన తర్వాత ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మళ్లీ తెలుగులో చెప్పించండి. ఇచ్చిన రెండు వాక్యాల్లో జరిగిందే ఇందులోనూ జరిగిందా లేదా అన్నది పిల్లవాడే తేల్చుకుంటాడు. ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినిపిస్తే తప్పుపట్టే బడులు ఉన్నాయని నాకు తెలుసు. ఈ ఒక్క పాఠానికైనా ఆ పట్టింపు పక్కన పెట్టమని వారిని కోరుతున్నాను.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను ఈ జత అడగండి. ‘ద వెల్ ఈజ్ నాట్ డీప్. ద బాయ్ కెన్ స్టాండ్ ఇన్ ఇట్.’ బావి లోతు లేదు, పిల్లవాడు అందులో నిలబడగలడు. తెలుగులో కలిపితే ‘పిల్లవాడు నిలబడగలిగేంత లోతే ఉంది బావి’ అంటారు. ఇంగ్లీషులో డీప్ ను తిరగేసి షాలో చేసుకోవాలి, ఫర్ కావాలి, ఇన్ మిగలాలి, ఇట్ పోవాలి. ‘ద వెల్ ఈజ్ షాలో ఇనఫ్ ఫర్ ద బాయ్ టు స్టాండ్ ఇన్.’ జవాబు ముందే చెప్పకండి, వాళ్లనే కట్టుకోనివ్వండి.